సోమవారం అందిన ఉత్తరం

మేం కాంట్రాక్టుకు తీసుకున్న రోడ్డు కృష్ణా డెల్టాలో ఒక కాల్వ గట్టును ఆనుకుని సాగుతుంది. 2014 ఏప్రిల్ 21న అక్కడ పొక్లెయిన్ మొదటి బకెట్ మట్టి తీసినప్పుడు నేను గట్టుమీదే నిలబడి ఉన్నాను. పైన అడుగు మందాన ఎండి నెర్రెలిచ్చిన నల్లరేగడి. దాని కింద, పిడికిట్లో పట్టి నొక్కితే వేళ్ళ సందుల్లోంచి జారిపోయే మెత్తటి బంకమట్టి. డ్రాయింగు ప్రకారం పైపొర గీకేసి, రోలర్ తిప్పి, దానిమీదే కట్ట పోసుకుంటూ వెళ్ళాలి. ఆ బంకమీద రోలర్ ఎక్కించగానే ముందు చక్రం దిగబడింది.

ఇలాంటి చోట వేసవే మాకు గడువు. కాల్వలు కట్టేసిన రోజుల్లో గట్టు పక్క మట్టిపని ముగించుకోవాలి. జూన్‌లో నీళ్ళు వదిలితే ఊట మొదలవుతుంది. అందుకని ఆ రోజే రెసిడెంట్ ఇంజినీరుకు చెప్పాం, శాంపిళ్ళు తీసి పరీక్షలు చేయించాం. కానీ ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఎన్నికల రోజులు. మే 7న పోలింగ్. నిర్ణయం తీసుకోవలసిన వాళ్ళు ఒకచోట దొరకలేదు. మొత్తం 19 రోజులు ఆ ముక్క మీద యంత్రాలు ఊరికే నిలబడ్డాయి.

మే 10, శనివారం మధ్యాహ్నం రెసిడెంట్ ఇంజినీరు సైటుకు వచ్చారు. గోతిలో దిగి చూసి, "చైనేజ్ 14.200 నుంచి 16.600 దాకా మీటరు లోతు తీసెయ్యండి. గ్రావెల్‌తో నింపండి. ఇక ఆలస్యం చెయ్యొద్దు" అన్నారు. నోటిమాటే. కాగితం లేదు.

ఆ రాత్రి మా సైట్ ఇంజినీరు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా నిండని కుర్రాడు, ఆఫీసు కంటైనర్లో కూర్చుని ఎనిమిది వాక్యాల ఉత్తరం టైపు చేశాడు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరి సమక్షంలో, ఏం చెయ్యమన్నారో అందులో ఉంది. ఈ పనికి అదనపు సమయం, అదనపు డబ్బు అవసరమవుతాయని చివర్లో ఒక వాక్యం. సోమవారం ఉదయం తానే మోటార్‌సైకిల్ మీద తీసుకెళ్ళి, కన్సల్టెంట్ ఆఫీసులో ఇచ్చి, మా కాపీమీద ఇన్‌వర్డ్ స్టాంప్ వేయించుకుని వచ్చాడు. మే 12. ఆ ముద్ర విలువ ఆ రోజు మాలో ఎవరికీ తెలియదు.

ఇంజినీరు నుంచి జవాబు మే 27న వచ్చింది. మే 10న చెప్పింది సాంకేతిక సలహా మాత్రమేననీ, కట్ట కింద నేలను సరిచేసుకోవడం కాంట్రాక్టరు బాధ్యతేననీ, నింపిన గ్రావెల్‌కు కట్ట మట్టి రేటే వర్తిస్తుందనీ దాని సారాంశం. అప్పటికే సగం గ్రావెల్ పడిపోయింది.

తవ్వకానికి బీఓక్యూలో వేరే ఐటమ్ ఉంది, దానిమీద పేచీ లేదు. పేచీ అంతా నింపినదానిమీదే. పొడవు 2,400 మీటర్లు, వెడల్పు 14, లోతు 1. తవ్వాక ఒకసారి, నింపాక ఒకసారి ఇద్దరం కలిసి తీసిన లెవెల్స్ ప్రకారం 33,600 ఘనపు మీటర్లు. కట్ట మట్టి రేటు ఘనపు మీటరుకు 260 రూపాయలు. దగ్గర్లోని చేల మట్టికి వేసిన రేటు అది. మేం తెచ్చిన గ్రావెల్ 38 కిలోమీటర్ల అవతలి క్వారీది. బిల్లు 260 చొప్పునే పాసయింది. అభ్యంతరం రాశాం, నిర్ణయం కోరాం. నవంబరులో ఇంజినీరు సబ్‌క్లాజ్ 3.5 కింద తన నిర్ణయం ఇచ్చారు: ఇది వేరియేషన్ కాదు.

మా కాంట్రాక్టు 1999 ఫిడిక్ రెడ్ బుక్ మీద నడిచేది. అందులో ఇలాంటి తగాదాకు కోర్టుకన్నా, ఆర్బిట్రేషన్‌కన్నా ముందు ఒక మెట్టు ఉంది. చెరొక సభ్యుణ్ణి ఎంచుకుని, మూడో వ్యక్తిని ఇద్దరూ ఒప్పుకుని అధ్యక్షుడిగా పెట్టుకున్న అడ్జుడికేషన్ బోర్డు అది. సబ్‌క్లాజ్ 20.4 కింద వివాదాన్ని రాతపూర్వకంగా దానికి నివేదిస్తే 84 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. ఆ నివేదననే రిఫరల్ అంటాం. దాన్ని రాసే పని నామీద పడింది.

మొదటి డ్రాఫ్ట్ 46 పేజీలు వచ్చింది. ఏప్రిల్ 21తో మొదలుపెట్టి నవంబరు దాకా రోజువారీగా జరిగినదంతా రాశాను. యంత్రాల నిరీక్షణ, ఉత్తరాలకు రాని జవాబులు, ఊటలో చేసిన పని, బ్యాంకు వడ్డీలు. నాకు తెలిసినంతలో ఒక్క నిజాన్నీ వదల్లేదు. దాన్ని తీసుకుని, నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజినీరుగా రిటైరై, అప్పటికే కొన్ని బోర్డుల్లో కూర్చున్న ఒక పెద్దాయన దగ్గరికి విజయవాడ వెళ్ళాను. రెండు గంటలు చదివారు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"ఇది చదివితే మీకు కష్టం వచ్చిందని తెలుస్తోందయ్యా. నేనేం తేల్చాలో మాత్రం తెలియడం లేదు" అన్నారు.

తెల్ల కాగితం మీద నిలువుగా మూడు గీతలు గీసి నాలుగు గడులు చేశారు. మొదటిదానిపై వివాదాంశం, రెండోదానిపై క్లాజ్, మూడోదానిపై ఆధారం, నాలుగోదానిపై కోరే రిలీఫ్ అని రాశారు. "అడ్డంగా చదివితే ఒక్కో వరస ఒక్కో నిర్ణయం కావాలి. అవును, కాదు, లేదా ఒక అంకె. ఈ మూడింటిలో ఏదో ఒకటి నా చేత చెప్పించలేని పేజీ రిఫరల్‌లో ఉండకూడదు" అన్నారు.

ఆ కాగితం నింపడానికి పది రోజులు పట్టింది. 46 పేజీలు 17 అయ్యాయి. జరిగిన కథ అందులో ఒకటిన్నర పేజీకి కుదించుకుపోయింది. మిగతాదంతా అంశాల వారీగా సాగింది.

మొదటి అంశం: ఇంజినీరు వేరియేషన్ ఆదేశించారా, లేదా?

సబ్‌క్లాజ్ 13.1 ప్రకారం పని నాణ్యతలో, లక్షణాల్లో, లెవెల్స్‌లో, కొలతల్లో మార్పు వేరియేషన్ అవుతుంది. మీటరు లోతు మట్టి బదులు గ్రావెల్ అన్నది ఈ నిర్వచనంలోకి వస్తుందనడంలో కష్టం లేదు. కష్టం అదే క్లాజులోని మరో వాక్యంతో. ఇంజినీరు ఆదేశించనిదే, ఆమోదించనిదే కాంట్రాక్టరు ఏ మార్పూ చెయ్యకూడదని అది చెబుతుంది. ఎంప్లాయర్ పట్టుకున్నది దాన్నే. ఆదేశం ఎక్కడుంది, చూపించండి అన్నారు.

నా మొదటి డ్రాఫ్టులో దీనికి జవాబుగా మే 10న ఎవరెవరు గోతి దగ్గర ఉన్నారో, ఎవరేమన్నారో నాలుగు పేజీలు రాశాను. పెద్దాయన ఆ నాలుగు పేజీలూ పక్కన పెట్టి, "సబ్‌క్లాజ్ 3.3 చదివావా?" అని అడిగారు. ఇంజినీరు నోటితో ఆదేశం ఇచ్చినప్పుడు, దాన్ని ధ్రువీకరిస్తూ కాంట్రాక్టరు రాసిన ఉత్తరం రెండు పనిదినాల్లో ఆయనకు అందాలి. అందిన తర్వాత రెండు పనిదినాల్లో ఆయన రాతపూర్వకంగా కాదనకుండా, వేరే ఆదేశమూ ఇవ్వకుండా ఉంటే, ఆ ఉత్తరమే ఇంజినీరు రాతపూర్వక ఆదేశం అయిపోతుంది.

ఇక సాక్షులు, జ్ఞాపకాలు అక్కర్లేదు. శనివారం చెప్పారు, సోమవారం అందింది, కాదంటూ జవాబు వచ్చింది పదిహేను రోజుల తర్వాత. ఉత్తరం రాసిన తేదీ కాదు లెక్క, అందిన తేదీ. అందుకే ఆ స్టాంప్ పడిన కాపీ మా మొదటి అనుబంధమైంది. కోరిన రిలీఫ్ ఒక్క వాక్యం: మే 12న అందిన ఉత్తరం సబ్‌క్లాజ్ 3.3 కింద ఆదేశమనీ, ఆ పని 13.1 కింద వేరియేషన్ అనీ ప్రకటించాలి.

రెండో అంశం: అయితే రేటెంత?

ఇక్కడ నేను పెద్ద పొరపాటు చేశాను. క్వారీ ధర, రాయల్టీ, టిప్పర్ల కిరాయి, డీజిల్, రోలర్ అన్నీ కలిపి ఘనపు మీటరుకు 950 ఖర్చు తేల్చి, దానిమీద పదిశాతం లాభం కలిపి 1,045 అడిగాను. 260 పోగా తేడా 785. మొత్తం సుమారు 2.64 కోట్లు. అయిన ఖర్చు కళ్ళముందుంది కదా, అదే న్యాయమైన రేటు అనుకున్నాను.

పెద్దాయన సబ్‌క్లాజ్ 12.3 తీసి వేలితో వాక్యం వాక్యం చూపించారు. ఆదేశించిన పనికి కాంట్రాక్టులో రేటు లేకపోతే, ఉన్న రేటు అలాంటి స్వభావం ఉన్న పనిది కాకపోతే, కొత్త రేటు రావాలి. ఆ కొత్త రేటును మొదట కాంట్రాక్టులోనే ఉన్న సంబంధిత రేట్లలోంచి, తగిన సవరణలతో తయారుచెయ్యాలి. అలాంటి రేటేదీ లేనప్పుడే ఖర్చు, లాభం లెక్క. "నువ్వు రెండో మెట్టెక్కి కూర్చున్నావు. మొదటి మెట్టు లేదని రుజువు చెయ్యలేదు. మీ బీఓక్యూలో గ్రాన్యులర్ సబ్‌బేస్ ఐటమ్ ఉందా, లేదా?" అన్నారు.

ఉంది. 1,120 రూపాయలు. అదీ అదే క్వారీ నుంచి, అంతే దూరం నుంచి వచ్చేదే. మరి తేడా ఏమిటి? సబ్‌బేస్‌కు కంకర కలిపి గ్రేడింగ్ సరిచెయ్యాలి, గోతి నింపడానికి అక్కర్లేదు. సబ్‌బేస్‌ను గ్రేడర్‌తో సన్నటి తేడాల్లోపు పరచాలి, గోతిలో అంత నిక్కచ్చి ఉండదు. కలపడానికి 150, పరచడానికి 60 తీసేసి 910కి వచ్చాం. దాన్ని ప్రత్యామ్నాయంగా రాశాం: ప్రధానంగా 1,045, అది కుదరదంటే 910, అదీ కాదంటే 12.3 కింద బోర్డు తగినదని భావించిన రేటు.

మా ఎండీగారికి ఇది నచ్చలేదు. తక్కువ అంకె మనమే రాసిచ్చినట్టుంటుంది కదా అన్నారు. ఆయన బాధ సమంజసమే. కానీ పెద్దాయన చెప్పినదే నిజమని తర్వాత తేలింది. మొదటి అంకెను బోర్డు ఒప్పుకోకపోతే, చేతిలో రెండో అంకె లేని కాంట్రాక్టరుకు మిగిలేది 260. అడగని రిలీఫ్‌ను ఇచ్చారన్న మాట తమమీద రాకూడదని బోర్డు సభ్యులు చాలా జాగ్రత్తగా ఉంటారు. వాళ్ళు నిలబడటానికి ఒక మెట్టు మనమే కట్టిపెట్టాలి.

మూడో అంశం: సమయం, ఆగిన యంత్రాలు.

వీటిని నేను ఒకటే అనుకుని కలిపి రాశాను. విడదీయగానే ఒకటి నిలిచింది, ఒకటి కూలింది.

వేరియేషన్ వల్ల పట్టిన అదనపు రోజులకు సబ్‌క్లాజ్ 8.4 కింద గడువు పొడిగింపు అడగొచ్చు. కానీ 20.1 కింద, సంగతి తెలిసిన 28 రోజుల్లో నోటీసు ఇచ్చి ఉండాలి. ఇవ్వకపోతే హక్కే పోతుంది. ఆ కుర్రాడు తన ఉత్తరం చివర రాసిన వాక్యం మాకు నోటీసైంది. క్లాజ్ నంబరు వెయ్యకపోయినా, ఏ సంఘటన వల్ల ఏం అడగబోతున్నామో అందులో స్పష్టంగా ఉంది. దానిమీద 38 రోజులు అడిగాం.

అంతకుముందు యంత్రాలు ఆగిన 19 రోజుల సంగతి వేరు. అది ఆదేశం ఆలస్యమైనందువల్ల వచ్చిన నష్టం, సబ్‌క్లాజ్ 1.9 కిందిది. ఆదేశం ఫలానా తేదీలోపు రాకపోతే పని ఆగిపోతుందని ముందే రాతపూర్వకంగా హెచ్చరించాలి. నష్టం మొదలయ్యాక మళ్ళీ 20.1 నోటీసు ఇవ్వాలి. మేం చేసింది ఫోన్లు, సైటులో మాటలు. దీని గురించి మా తొలి ఉత్తరం 41వ రోజున వెళ్ళింది. "దీన్ని వదిలెయ్యి. ఓడిపోయే అంశం గెలిచే అంశాల పక్కన కూర్చుంటే వాటి రంగు కూడా మారుతుంది" అని పెద్దాయన అన్నారు. నిజంగా నిలబడిన యంత్రాలు, నిజంగా కట్టిన కిరాయి. వదలడానికి మనసొప్పలేదు. పట్టుబట్టి ఉంచాను.

ఎండీగారు చేర్చమన్న ఇంకో రెండు విషయాలను మాత్రం పెద్దాయన మాట విని తీసేశాను. అవి ఇంకా ఇంజినీరు ముందుకే వెళ్ళలేదు. ఒకరు అడిగి ఇంకొకరు కాదనకుండా వివాదం పుట్టదు. పుట్టని వివాదాన్ని బోర్డు వినదు.

చివరి వరసలో వడ్డీ. నేను పనిచేసిన రోజు నుంచి అడిగాను. సబ్‌క్లాజ్ 14.8 ఇచ్చేది చెల్లింపు ఆలస్యానికి. చెల్లింపుకు గడువు 14.7 ప్రకారం, ఇంజినీరుకు స్టేట్‌మెంట్ అందిన 56 రోజుల తర్వాత. తేదీని ఆ మేరకు వెనక్కి జరిపి, రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు శాతం కలిపి అడిగాం. అప్పుడు బ్యాంక్ రేటు 9. అంటే ఏడాదికి 12 శాతం, నెలనెలా అసలులో కలిసే లెక్క.

2015 జనవరిలో రిఫరల్ ఇచ్చాం. మొదటి పేజీలోనే అది 20.4 కింద ఇస్తున్నదని రాసి, ఎంప్లాయర్‌కూ ఇంజినీరుకూ కాపీలు పంపాం. విచారణ రెండు రోజులు జరిగింది. ముందు బోర్డు గట్టుమీదకు వచ్చింది. రోడ్డు పక్కన గుంట తీయించి, నల్లమట్టి ఎక్కడ ఆగిందో, ఎర్రటి గ్రావెల్ ఎక్కడ మొదలైందో టేపు పెట్టి చూశారు.

గదిలో కూర్చున్నాక అధ్యక్షుడు మా పట్టిక కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని, వరస తర్వాత వరస అడుగుతూ వెళ్ళారు. ఎంప్లాయర్ తరఫు ఇంజినీరు మర్యాదస్తుడు. మొదటి అంశం మీద, రెసిడెంట్ ఇంజినీరు చెప్పింది సలహాయేనని వాదించారు. అధ్యక్షుడు స్టాంప్ పడిన కాపీ చూపించి ఒకటే అడిగారు: "ఇది మీకు అందిన తర్వాత రెండు పనిదినాల్లో ఏమైనా రాశారా?" ఆయన ఫైలు తిరగేసి, "లేదండీ" అన్నారు.

రేటు దగ్గర మా వంతు వచ్చింది. 950 ఖర్చుకు ఆధారం చూపమన్నారు. టిప్పర్ల ట్రిప్ షీట్లు ఉన్నాయి. డీజిల్ రిజిస్టరు మాత్రం సైటు మొత్తానిది, ఈ 2.4 కిలోమీటర్లకు ఎంత పోశామో అందులో విడిగా లేదు. నా దగ్గర జవాబు లేక తల దించుకున్నాను. అధ్యక్షుడు పేజీ తిప్పి, "మీ ప్రత్యామ్నాయం చెప్పండి" అన్నారు.

నిర్ణయం ఏప్రిల్‌లో, గడువుకు నాలుగు రోజుల ముందు వచ్చింది. మా పట్టిక క్రమంలోనే ఉంది. మొదటి అంశం: అవును, వేరియేషనే. రెండోది: 1,045 కాదు, సబ్‌బేస్ రేటు సంబంధిత రేటే. కలపడానికి మేం తీసేసిన 150 చాలదు, 170 తియ్యాలి. పరచడానికి 60 సరే. రేటు 890. చెల్లించిన 260 పోగా 630, ఆ లెక్కన 2 కోట్ల 11 లక్షల 68 వేల రూపాయలు. వడ్డీ అడిగినట్టే ఇచ్చారు. 38 రోజులకు 27 ఇచ్చారు. మిగతా 11 రోజులు మా గ్రేడరు, రోలరు వేరే చైనేజ్‌లో మామూలుగా పనిచేశాయని మా రోజువారీ రిపోర్టులే చెప్పాయి. ఆగిన యంత్రాల 19 రోజులకు ఒక్క రూపాయి కూడా రాలేదు. నోటీసు లేదన్న కారణం రెండు వాక్యాల్లో తేల్చారు.

బోర్డు నిర్ణయానికి ఇద్దరూ కట్టుబడాలి, వెంటనే అమలు చెయ్యాలి అని కాంట్రాక్టులో ఉంది. 28 రోజుల్లో ఎవరైనా అసంతృప్తి నోటీసు ఇస్తే అది అంతిమం కాకుండా పోతుంది, అయినా అమలు బాధ్యత పోదు. ఎంప్లాయర్ 26వ రోజున నోటీసు ఇచ్చి, డబ్బు ఆపేశారు. ఇంగ్లండులో ఇలాంటి నిర్ణయాలకు 1996 చట్టం అండ ఉంది. కోర్టులు త్వరగా అమలు చేయిస్తాయి. మనకు అలాంటి చట్టం లేదు, కాంట్రాక్టు మాటే దిక్కు. ఆర్బిట్రేషన్‌కు ముందు రాజీకి ఇచ్చే 56 రోజులు గడిచాయి, ఇంకొన్ని నెలలూ గడిచాయి. చివరికి ఆ ఏడాది ఆఖర్లో, బోర్డు చెప్పిన అసలు మొత్తం ఇచ్చేటట్టు, వడ్డీలో కొంత మేం వదులుకునేటట్టు ఒప్పందం కుదిరింది. ఆ లెక్కలు వేసేటప్పుడు రెండు పక్షాలూ 890ని మళ్ళీ చర్చకు పెట్టలేదు. కారణాలతో సహా రాసిన అంకెను కదపడం ఎవరికీ తేలిక కాదు.

ఒప్పందం సంతకాలైన రోజు ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. అప్పటికి వేరే కంపెనీలో, వేరే జిల్లాలో ఉన్నాడు. ఆ శనివారం రాత్రే ఎందుకు రాశావని అడిగాను. "పొద్దున లేస్తే పొక్లెయిన్ల హడావుడిలో మర్చిపోతానేమోనని రాశాను సార్" అన్నాడు. 3.3 గురించి అతనికి అప్పుడు తెలియదట. రాత్రికి రాత్రి రాసి సోమవారం తానే తీసుకెళ్ళడం అతని అలవాటు.

అదే గట్టుమీద, అదే వేసవిలో ఆగిన యంత్రాల గురించి నేను 41వ రోజు దాకా రాయలేదు. ఆ ఉత్తరం రాయవలసింది అతను కాదు, నేను. ఆ 19 రోజులకు రాని డబ్బు నా బల్లమీద సమయానికి రాయకుండా మిగిలిపోయిన ఆ ఉత్తరానిది.